మెమో ఇచ్చినంత మాత్రాన సిరంజి మారదు

ఆస్పత్రి వార్డులో మందు విషయంలో పొరపాటు జరిగిన మరునాడు కొన్ని పనులు తప్పకుండా జరుగుతాయి. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకు మెమో వెళుతుంది. నర్సింగ్ స్టేషన్ గోడ మీద ‘సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు’ అనే కాగితం ఇంకొకటి అతికిస్తారు. వారంలోపు ఒక గంటసేపు క్లాసు పెట్టి, హాజరు పట్టీలో అందరి చేతా సంతకాలు చేయిస్తారు. జరగని పని ఒక్కటే. ఆ రాత్రి ఆ నర్సు ముందున్న ట్రేలో ఏమేమి ఉన్నాయో ఎవరూ చూడరు.

ప్రభుత్వ ఆస్పత్రులలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసినవాడిగా ఈ పద్ధతిని నేను తప్పు పడుతున్నాను. దీనికి బదులుగా ఏమి చేయవచ్చునో ఒక ప్రణాళిక రూపంలో ఇక్కడ ఉంచుతున్నాను. ముప్పై పడకల ఒక మెడికల్ వార్డు, దానికున్న ఒక నర్సింగ్ స్టేషన్, ఒకే ఒక మందు, పన్నెండు వారాల గడువు: దీని పరిధి ఇంతే. ఆ మందు ఇన్సులిన్. ఇది ఆస్పత్రివారికి రాసిన ప్రణాళిక అయినా పాఠకులు కూడా చదవాలని కోరుతున్నాను. ఇందులో చెప్పబోయే ప్రమాదం వార్డులోనే కాదు, ఇంట్లో ఫ్రిజ్‌లో కూడా ఉన్నది.

ముందుగా ప్రమాదం ఏమిటో చూద్దాము. మన దేశంలో ఇన్సులిన్ ప్రధానంగా రెండు బలాలలో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. అమెరికావంటి దేశాలు 1970ల నుంచే 100 బలానికి మారడం మొదలుపెట్టాయి. మన దగ్గర రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. దానికి తగినట్టు సిరంజిలు కూడా రెండు రకాలు. 40 బలానికి ఎర్ర మూత సిరంజి, 100 బలానికి నారింజ రంగు మూత సిరంజి. రెండింటి మీదా ఉన్న అంకెలు యూనిట్లే కనుక చూడడానికి తేడా తెలియదు. కాని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దగ్గర ఉండే ద్రవం అర మిల్లీలీటరు. నారింజ మూత సిరంజిలో అదే 20 గీత దగ్గర ఉండేది మిల్లీలీటరులో అయిదో వంతు మాత్రమే.

ప్రభుత్వ స్టోరు నుంచి వార్డుకు సాధారణంగా వచ్చేది 40 బలం సీసాలు, ఎర్ర మూత సిరంజిలు. ఇంతవరకు చిక్కు లేదు. వార్డుకు వచ్చిన వైద్యుడు ఒక రోగికి రాత్రిపూట గ్లార్జిన్ అనే దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ అవసరమని నిర్ణయిస్తాడు. అది స్టోరులో ఉండదు. చిన్న చీటీ మీద రాసి రోగి కుమారుడి చేతికిస్తాడు. అతడు ఎదురుగా ఉన్న మందుల దుకాణంలో కొని తెస్తాడు. తెచ్చింది పెన్నులో వేసుకొనే మూడు మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్, బలం 100. పెన్ను కొనలేదు, ఎవరూ చెప్పలేదు కనుక. నారింజ మూత సిరంజి కూడా కొనలేదు, అదీ ఎవరూ చెప్పలేదు కనుక.

నాకు బాగా తెలిసిన ఒక ఘటన ఇలాగే మొదలయింది. ఆస్పత్రి పేరు చెప్పను, అవసరమూ లేదు. రోగికి యాభై ఎనిమిదేళ్లు, కాలి పుండుతో చేరినవాడు. కేస్ షీటులో రాత్రికి గ్లార్జిన్ 20 యూనిట్లు అని ఉన్నది. రాత్రి తొమ్మిదిన్నరకు స్టాఫ్ నర్సు ట్రేలో ఉన్న ఎర్ర మూత సిరంజి తీసుకొని, కార్ట్రిడ్జ్ రబ్బరులోకి సూది గుచ్చి, 20 గీత వరకు లాగి ఇచ్చింది. అర మిల్లీలీటరు. 100 బలంలో అర మిల్లీలీటరు అంటే 50 యూనిట్లు, రాసిన దానికి రెండున్నర రెట్లు. తెల్లవారుజామున నాలుగింటికి పక్క పడక మనిషి పిలిస్తే చూశారు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయి, పిలిస్తే పలకని స్థితి. గ్లూకోమీటరులో చక్కెర 34. డెక్స్‌ట్రోజ్ 25 శాతం ద్రావణం వంద మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించగానే కళ్లు తెరిచాడు. అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. ఏడు గంటలకు మళ్లీ పడిపోయాడు. గ్లార్జిన్ ఒక పూటతో పోయేది కాదు, రోజంతా పనిచేస్తుంది. ఆ సంగతి ఆ ఉదయం డ్యూటీ డాక్టరుకు తట్టేసరికి ఇంకొక గంట గడిచింది. తరువాత ఒకటిన్నర రోజు 10 శాతం డ్రిప్ నడిపి, గంటగంటకూ చక్కెర చూసి కాపాడారు.

నర్సుకు మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలసిందిగా మెమో వెళ్లింది. ‘పని ఒత్తిడిలో జరిగింది, ఇకముందు జరగనివ్వను’ అని ఆమె రాసింది. ఫైలు మూశారు. ఆ వారం క్లాసులో బోధించిన సూత్రం ఏమిటో వినండి: 100 బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీయవలసి వస్తే రాసిన యూనిట్లను రెండున్నరతో భాగించాలి. అంటే 20 యూనిట్లకు 8వ గీత. లెక్క తప్పు కాదు. కాని రాత్రి తొమ్మిదిన్నరకు ముప్పై మంది రోగుల మధ్య, ఒకవైపు సెలైన్ అయిపోయిందని ఒకరు, మరొకవైపు మూత్రపు గొట్టం నొప్పి అని ఇంకొకరు పిలుస్తూ ఉంటే, రెండున్నరతో భాగించడానికి బదులు గుణించే చెయ్యి ఏదో ఒక రోజు ఉండి తీరుతుంది. అప్పుడు మార్కు 50 అవుతుంది. అది 40 యూనిట్ల చిన్న సిరంజిలో పట్టదు కనుక రెండుసార్లు పొడుస్తారు. లెక్క నేర్పడం మన పని కాదు. ఆ లెక్క అవసరమే లేకుండా చేయడం మన పని.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ సెలైన్ అనుకొని నేరుగా నరంలోకి ఇచ్చి ప్రాణాలు తీసిన ఘటనలు అనేక దేశాలలో జరిగాయి. 2002లో ఇంగ్లండులో రోగుల భద్రతా సంస్థ జారీ చేసిన మొట్టమొదటి హెచ్చరిక దాని గురించే. జాగ్రత్తగా ఉండమని నర్సులకు చెప్పి వారు ఊరుకోలేదు. సాధారణ వార్డుల నుంచి ఆ ఆంప్యూల్స్‌నే తీసివేయమన్నారు. వస్తువు అక్కడ లేకపోతే పొరబడే చెయ్యి కూడా లేదు.

ప్రణాళికలో మొదటి పని

అన్నిటికంటె ముందు సూపరింటెండెంటు సంతకంతో ఒక ఉత్తర్వు రావాలి. ఈ పన్నెండు వారాలలో పరిశీలకులు గమనించిన పొరపాట్లు ఎవరి వ్యక్తిగత ఫైలులోకీ వెళ్లవు, ఎవరికీ మెమో రాదు. మద్యం తాగి డ్యూటీకి వచ్చినవారు, కావాలని హాని చేసినవారు మాత్రమే దీనికి మినహాయింపు. కొందరు అధికారులకు ఇది మింగుడుపడదని నాకు తెలుసు. ‘తప్పు చేసినవారిని వదిలేయమంటారా’ అని అడుగుతారు. నేను అడిగేది వేరొకటి. మీ ఆస్పత్రి రిజిస్టరులో గత సంవత్సరం నమోదయిన మందుల పొరపాట్లు ఎన్ని? చాలాచోట్ల జవాబు సున్నా. ముప్పై పడకల వార్డులో రోజుకు వందల మోతాదులు ఇస్తారు. ఏడాదంతా ఒక్కటీ తప్పలేదని ఆ సున్నా చెప్పడం లేదు. చెబితే ఏమవుతుందో అక్కడివారికి తెలుసునని చెబుతున్నది. అటువంటి చోట లెక్క మొదలుపెట్టినా వచ్చేది అబద్ధమే.

అందుకే నివేదికల మీద ఆధారపడకుండా కళ్లతో చూసి లెక్కించాలి. 1962లో అమెరికాలో కెన్నెత్ బార్కర్, మెక్‌కానెల్ అనే ఇద్దరు నర్సుల వెంట ఉండి చూసి లెక్కవేసినప్పుడు, ఆస్పత్రి కాగితాలలో కనిపించిన వాటికంటె ఎన్నో రెట్లు పొరపాట్లు బయటపడ్డాయి. పద్ధతి సులభం. ఆ వార్డుకు చెందని నర్సింగ్ ట్యూటరు ఒకరు రోజుకు పది ఇన్సులిన్ మోతాదులను తయారు చేయడం మొదలు ఇవ్వడం వరకు పక్కన నిలబడి చూస్తారు. చూసింది రాసుకొంటారు, తరువాత కేస్ షీటుతో పోల్చుతారు. ఏ రోగికి, ఏ రకం, సీసా బలమూ సిరంజీ సరిపోయాయా, ఎన్ని యూనిట్లు, భోజనానికి ఎంత ముందు, రాశారా లేదా: ఈ ఆరింటిలో ఒకటి తేడా వచ్చినా ఆ మోతాదు పొరపాటు కింద లెక్క. ప్రమాదకరమైన మోతాదు సూదిలోకి ఎక్కిందని చూస్తే పరిశీలకురాలు అక్కడే ఆపాలి. ఆపినా పొరపాటు కిందే రాయాలి. చూస్తూ ఊరుకొనే పరిశీలన మాకు అక్కరలేదు.

పగలు మాత్రమే చూస్తే ఉపయోగం లేదు. పది మోతాదులలో కనీసం నాలుగు రాత్రివి కావాలి.

ఏమీ మార్చకుండా మొదటి రెండు వారాలు ఇలా లెక్కిస్తారు. రోజుకు ఒక చుక్క చొప్పున గళ్ల కాగితం మీద పద్నాలుగు చుక్కలు వస్తాయి. వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చితే నడిమి విలువ ఏదో దాని దగ్గర అడ్డంగా గీత గీయాలి. మార్పులు మొదలయ్యాక చుక్కలు కొన్ని గీతకు పైన, కొన్ని కింద పడుతూనే ఉంటే ఏమీ మారలేదని అర్థం, ఎవరు ఎంత బాగుందని చెప్పినా సరే. వరుసగా ఆరు చుక్కలు గీతకు కిందనే పడితే అది యాదృచ్ఛికం కాదు. దీనికి కంప్యూటరు అక్కరలేదు, గోడ చాలు. పన్నెండో వారం చివరకు పొరపాట్ల శాతం మొదటి గీతలో సగానికి దిగాలన్నది లక్ష్యం. సున్నా అని రాయడం నాకు ఇష్టం లేదు. సున్నా అని రాసిన చోట చుక్కలు మాయమవుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. బలానికీ సిరంజికీ పొంతన కుదరని పొరపాటు రోజూ జరగదు. రోజుకు పది మోతాదులు చూస్తే పన్నెండు వారాలలో రెండో మూడో కనిపించవచ్చు, ఒక్కటీ కనిపించకపోనూ వచ్చు. అంత అరుదైనదాని మీద చుక్కలు పెట్టి మార్పు వచ్చిందో లేదో చెప్పలేము. కనుక పొరపాటును కాక దానికి అవకాశాన్ని లెక్కించాలి. ఉదయం ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి ట్రే చూడాలి. 100 బలం సీసాగాని కార్ట్రిడ్జ్‌గాని తనకు తగిన సిరంజి లేకుండా అక్కడ ఉన్నదా? ఉంటే ఆ పూట ప్రమాదపు పూట. వారానికి పద్నాలుగు పూటలు. మార్పు మొదలైన నాలుగో వారానికి ఇవి సున్నా కావాలి. ఇక్కడ సున్నా అని ధైర్యంగా రాయవచ్చు, ఎందుకంటే ట్రే అబద్ధం చెప్పదు.

రోగికి జరిగిన మేలు కూడా చూడాలి. ఇన్సులిన్ మీద ఉన్న పదిమంది పది రోజులు ఉంటే వంద రోగి దినాలు. ప్రతి వంద రోగి దినాలకు చక్కెర 70 కంటె తగ్గిన సందర్భాలు ఎన్ని, 54 కంటె తగ్గినవి ఎన్ని అన్నది గ్లూకోమీటరు రిజిస్టరు నుంచే తీయవచ్చు. సూది ఇచ్చాక భోజనం బండి ఆలస్యమైనా చక్కెర తగ్గుతుంది కనుక ఈ అంకెకు మోతాదు ఒక్కటే కారణం కాదు. అయినా దాన్ని పక్కన పెట్టుకొని చూడవలసిందే.

మార్చవలసినవి

మొదటిది ట్రే. స్టేషను ప్రధాన ట్రేలో 40 బలం సీసాలు, ఎర్ర మూత సిరంజిలు మాత్రమే ఉండాలి. బయటినుంచి వచ్చిన 100 బలం ఏదయినా రోగి పేరు, పడక నంబరు రాసిన వేరే డబ్బాలో, నారింజ మూత సిరంజిలతో గాని పెన్నుతో గాని కలిపే ఉండాలి. రెండూ కలిసి రాకపోతే స్టేషనులో తీసుకోకూడదు. తిప్పి పంపిన కుటుంబం రాత్రి మళ్లీ దుకాణానికి పరుగెత్తకుండా, నారింజ మూత సిరంజిల పెట్టె ఒకటి స్టోరు నుంచి ఇండెంటు పెట్టి తెప్పించి హెడ్ నర్సు దగ్గర ఉంచాలి. ఆ పెట్టె ఖర్చు, ఆ ఒకటిన్నర రోజు డ్రిప్పులకు, స్ట్రిప్పులకు అయిన ఖర్చు ముందు ఎంత? చీటీ రాసే వైద్యుడు ఇన్సులిన్ పేరు కిందనే సిరంజి రంగు కూడా రాయాలి. రాయని చీటీని హెడ్ నర్సు వెనక్కు పంపవచ్చునని ఉత్తర్వులో ఉండాలి. నా తోటి వైద్యులలో కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. తోచనివ్వండి.

రెండవది కాగితం. ఇన్సులిన్‌కు కేస్ షీటులో వేరే పుట ఉండాలి. దానిలో ‘యూనిట్లు’ అన్న మాట ముందే అచ్చయి ఉండాలి, వైద్యుడు అంకె మాత్రమే నింపాలి. యూనిట్లకు బదులు ఇంగ్లీషు ‘యూ’ అక్షరం ఒక్కటే రాసే అలవాటు మనలో దాదాపు అందరిదీ. 4 పక్కన తొందరగా గీసిన ఆ అక్షరం సున్నాలా మూసుకొంటే 40 అవుతుంది. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఈ అక్షరాన్ని 2004లోనే వాడకూడని సంక్షిప్తాల జాబితాలో చేర్చింది. మనకు జాబితా కూడా అక్కరలేదు, అచ్చు వేసిన పుట చాలు. ఫోనులో చెప్పిన మోతాదును విన్న నర్సు తిరిగి చదివి వినిపించాలి, ‘పదిహేను, ఒకటి అయిదు’ అని అంకెలు విడదీసి.

మూడవది రెండో మనిషి చూపు. ఇది ఇన్సులిన్‌కు మాత్రమే పెట్టాలి. అన్ని మందులకూ పెడితే రెండు రోజులకే సంతకం చేసి పోయే తంతుగా మారిపోతుంది. రెండో నర్సు కేస్ షీటు తానే చదివి, సిరంజి తానే చూసి అంకె చెప్పాలి. ‘ఇరవై కదా, చూడు’ అని ముందే చెబితే ఆమె కన్ను ఇరవైనే చూస్తుంది.

ఈ మూడవదానితోనే నాకు సందేహం. రాత్రి ఒక్క నర్సే ఉన్న వార్డులో రెండో మనిషి ఎక్కడినుంచి వస్తుంది? కనుక దీన్ని ఒకేసారి అమలు చేయకూడదు. ఒక రాత్రి, ఒక నర్సు, ముగ్గురు రోగులతో చేసి చూడాలి. పక్క వార్డు నుంచి మనిషి వచ్చేసరికి పావుగంట పడితే సూది ఆలస్యమవుతుంది, లేదా అందరి సిరంజిలనూ ముందే నింపి పేరు రాయకుండా ట్రేలో వరుసగా పెట్టే అలవాటు పుడుతుంది. అది పాత ప్రమాదం కంటె పెద్దది. అటువంటిది కనిపిస్తే ఆ రాత్రే ఆపి, మరునాడు హౌస్ సర్జన్‌తో, పరిమాణం మించిన మోతాదులకు మాత్రమే చేసి చూడాలి. అమెరికన్ గణాంకవేత్తలు వాల్టర్ షూహార్ట్, ఎడ్వర్డ్స్ డెమింగ్ చెప్పిన పద్ధతి ఇదే. ఆలోచించు, కొంచెం చేసి చూడు, ఏమయిందో పరిశీలించు, దానిబట్టి మార్చు. ఆలస్యమయిన సూదుల సంఖ్యను ఈ పన్నెండు వారాలూ విడిగా రాస్తూ ఉండాలి. ఒకచోట మేలు చేసి మరోచోట కీడు చేశామేమో తెలిసేది దానివల్లనే.

నర్సుల సంఖ్య పెరగనిదే ఇవన్నీ వృథా అనేవారు ఉన్నారు. నర్సులు చాలరన్నది నిజం, దానికోసం పోరాడవలసిందే. కాని ఇంకొక నర్సును నియమించినా ఆమె అదే ట్రే ముందుకు వచ్చి, అదే ఎర్ర మూత సిరంజి తీసుకొంటుంది. నియామకాలకు ప్రభుత్వ అనుమతి కావాలి. ట్రే సర్దడానికి రేపటి ఉదయం చాలు. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని ఆపడం సోమరితనం.

పన్నెండు వారాల తరువాత హెడ్ నర్సు బదిలీ అయితే అంతా మొదటికి వస్తుందన్న భయం కూడా సరైనదే. దానికి ఒక చిన్న ఏర్పాటు సూచిస్తున్నాను. డ్యూటీ అప్పగించుకొనే పుస్తకంలో ఆక్సిజన్ సిలిండర్లు, మత్తుమందు ఆంప్యూల్స్ లెక్కతోపాటు ‘ఇన్సులిన్ ట్రే చూశాను’ అన్న గడి ఒకటి చేర్చాలి. పరిశీలకురాలు నెలకు రెండు రోజులు వచ్చి ఇరవై మోతాదులు చూడాలి. చుక్కలు గీతకు పైకి ఎక్కడం మొదలయితే మళ్లీ రోజూ లెక్క మొదలుపెట్టాలి.

ఇక పాఠకులకు. మీ ఇంట్లో గాని, వార్డులో మీవారి పడక దగ్గర గాని ఇన్సులిన్ ఇచ్చే ముందు సీసా లేదా కార్ట్రిడ్జ్ మీద 40 అని ఉన్నదో 100 అని ఉన్నదో చదవండి. 40 అయితే మూత ఎర్రది, 100 అయితే నారింజది. దుకాణం మార్చినప్పుడు, ఊరు మారినప్పుడు, కొత్త డాక్టరు కొత్త ఇన్సులిన్ రాసినప్పుడు తప్పక చదవండి, ఎందుకంటే బలం మారిపోయేది ఆ సందర్భాలలోనే. రంగు కలవకపోతే సూది ఆపమని నర్సును అడగండి. ‘సిస్టర్, ఇది వంద బలం, సిరంజి ఎర్రది’ అంటే చాలు. ఆమె ఏమనుకొంటుందో అని వెనుకాడవద్దు. ఇచ్చేసిన తరువాత తెలిస్తే దాచవద్దు. వార్డులో ఉంటే వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఉంటే, మనిషి తెలివిగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్లీ చక్కెర చూసి, వెంటనే ఆస్పత్రికి బయలుదేరండి. మనిషి మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి. ఇచ్చింది దీర్ఘకాలం పనిచేసే రకమయితే, ఒకసారి తేరుకొన్నాడు కదా అని డాక్టరు ఇంటికి పొమ్మన్నా ఒక రోజు ఉంచమని అడగండి. మీ చేతిలో ఉన్న కార్ట్రిడ్జ్‌నూ వాడిన సిరంజినీ పారవేయకుండా వెంట తీసుకువెళ్లండి. ఎంత ఎక్కిందో లెక్క కట్టడానికి ఆ రెండూ కావాలి.